అనుకోని రోమింగ్ చార్జీలు: కంపెనీని లెక్క అడగడం, సొమ్ము వెనక్కి రాబట్టడం ఎలా?

విదేశం వెళ్లి వచ్చాక పోస్ట్‌పెయిడ్ బిల్లు చూసి నిర్ఘాంతపోయిన వారు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ప్యాక్ వేసుకున్నాను, అయినా ఇంత బిల్లు ఎందుకు వచ్చింది, ఎలా వెనక్కి తీసుకోవాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం వరుసను ఇక్కడ రాస్తున్నాను.

మా పెదనాన్నగారి బిల్లునే ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన అక్టోబరు 5న హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌లోని కూతురి ఇంటికి వెళ్లారు. బయలుదేరే ముందు రోజు కంపెనీ యాప్‌లో పది రోజుల రోమింగ్ ప్యాక్ కొన్నారు. ప్యాక్ వర్తించే దేశాల జాబితాలో అమెరికా, ఖతర్ రెండూ ఉన్నాయి. తిరిగి వచ్చాక బిల్లు రూ. 20,355 అని వచ్చింది. అందులో ఆయన ఊహించినది రూ. 5,310 మాత్రమే.

## 1. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసే ముందు ఆధారాలు భద్రపరచండి

కోపంలో వెంటనే ఫోన్ చేసి "నేను వాడనే లేదు" అనడం అందరూ చేసే మొదటి పొరపాటు. ఫోను జేబులో ఉండగానే ఫొటోల బ్యాకప్, వాట్సాప్ సందేశాలు, యాప్‌ల అప్‌డేట్లు డేటాను వాడేస్తాయి. కంపెనీ దగ్గర ఆ వాడకం నమోదై ఉంటుంది. మీరు మొదటి మాటే తప్పు చెబితే తర్వాత చెప్పే నిజాలకు కూడా విలువ తగ్గుతుంది. "వాడలేదు" అనడం వేరు, "వాడినది ప్యాక్‌లోకి రావాలి" అనడం వేరు. చాలా కేసుల్లో నిలబడేది రెండో మాటే.

ముందుగా ఇవన్నీ ఒక ఫోల్డరులో చేర్చుకోండి:

- ప్యాక్ కొన్నప్పుడు వచ్చిన సందేశం: ధర, రోజులు, ఎప్పటి నుంచి మొదలవుతుందన్న వాక్యం
- ప్యాక్ షరతుల పేజీ, దేశాల జాబితా స్క్రీన్‌షాట్ (యాప్‌లో ఈ పేజీలు మారుతుంటాయి కాబట్టి ఈ రోజే తీసుకోండి)
- విదేశంలో దిగగానే వచ్చిన స్వాగత సందేశం, ఆ తర్వాత వచ్చిన వాడకం హెచ్చరికలు
- బోర్డింగ్ పాసులు లేదా టికెట్టు: ఏ గంటకు ఏ ఊళ్లో ఉన్నారో చెప్పేవి
- ఫోను సెట్టింగుల్లో మొబైల్ డేటా వాడకం చూపే పేజీ, రోమింగ్ వాడకం విడిగా కనిపిస్తే అది కూడా
- బిల్లు పూర్తి పీడీఎఫ్ (యాప్‌లో కనిపించే సారాంశం సరిపోదు)

పాత సందేశాలను తుడిచేసే అలవాటు ఉన్నవారు ఈ పని పూర్తయ్యేదాకా ఆ అలవాటు మానుకోండి. పెదనాన్నగారి కేసులో అసలు సాక్ష్యం ఒకే ఒక్క వాక్యం. ప్యాక్ సందేశంలో "మొదటి వాడకం నుంచి పది రోజులు" అని ఉంది. అదే లేకపోతే మా వాదనకు కాళ్లు ఉండేవి కావు.

## 2. బిల్లును ముక్కలు చేయండి

రూ. 20,355 అనే ఒక్క అంకెతో ఎవరూ పోరాడలేరు. ఆ మొత్తంలో ఏమేమి ఉన్నాయో విడదీయాలి. టెలిఫోన్ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కాబట్టి ప్రతి ముక్కకూ దాని పన్నును కలిపి చూడండి. వెనక్కి అడిగేటప్పుడు పన్ను మరచిపోయేవారు చాలామంది.

పెదనాన్నగారి బిల్లు ఇలా విడిపోయింది:

- నెలవారీ ప్లాను రూ. 500, పన్నుతో రూ. 590
- రోమింగ్ ప్యాక్ రూ. 4,000, పన్నుతో రూ. 4,720
- మొదటి అదనపు చార్జీ: దోహాలో 18 ఎంబీ డేటా, ఎంబీకి రూ. 500 చొప్పున రూ. 9,000, పన్నుతో రూ. 10,620
- రెండోది: డాలస్‌లో ఐదు అవుట్‌గోయింగ్ కాల్స్, ఒక్కొక్కటి ఒక నిమిషం, నిమిషానికి రూ. 150 చొప్పున రూ. 750, పన్నుతో రూ. 885
- మూడోది: డాలస్‌లోనే 6 ఎంబీ డేటా, రూ. 3,000, పన్నుతో రూ. 3,540

మొదటి రెండూ ఆయన ఇష్టపూర్వకంగా కొన్నవి. గొడవ మిగిలిన మూడింటి మీదే. ఈ మూడింటికీ కారణాలు వేరు, వాదనలు వేరు. మూడింటినీ కలిపి "అన్యాయంగా బాదారు" అని రాస్తే జవాబు కూడా అంతే మొత్తంగా, "చార్జీలు సరైనవే" అని వస్తుంది.

## 3. వాడకం వివరాలు వరుసగా అడగండి

ఐటమైజ్డ్ బిల్లు కావాలి అని మాత్రమే అడిగితే ఒక్కోసారి తేదీ, మొత్తం తప్ప ఏమీ లేని కాగితం చేతికొస్తుంది. మీకు కావలసిన గడులను మీరే పేరుపేరునా అడగాలి.

ప్రతి కాల్‌కు, ప్రతి డేటా సెషన్‌కు ఇవి ఉండాలి:

- మొదలైన తేదీ, సమయం, అది ఏ దేశపు సమయం
- ఏ దేశం, ఏ నెట్‌వర్కు
- కాల్ అయితే అవతలి నంబరు, ఇన్‌కమింగా, అవుట్‌గోయింగా, ఫార్వర్డ్ అయినదా
- డేటా అయితే ఎన్ని ఎంబీ
- ఏ ధరకు లెక్కించారు, ప్యాక్‌లో నుంచి తీశారా, బయట నుంచి వేశారా

వీటితో పాటు మరో రెండు అడగండి. ఒకటి, ప్యాక్ ఏ తేదీన ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగిసిందో కంపెనీ రికార్డు. రెండోది, మీ నంబరుకు పంపిన రోమింగ్ సందేశాలు, వాడకం హెచ్చరికల జాబితా, వాటిని పంపిన సమయాలతో సహా. ఈ రెండూ బిల్లులో ఉండవు, అడిగితే తప్ప రావు.

వివరాలు వెంటనే రాకపోవడానికి ఒక కారణం ఉంది. మీరు విదేశంలో వాడినది ముందు అక్కడి నెట్‌వర్కులో నమోదవుతుంది. ఆ నెట్‌వర్కు దాన్ని మీ కంపెనీకి పంపాక మీ ఖాతాలో పడుతుంది. కొన్ని నమోదులు ఆలస్యంగా వచ్చి తర్వాతి నెల బిల్లులో చేరతాయి. అందువల్ల ఈ నెల బిల్లు మాత్రమే చూసి లెక్క ముగిసిందనుకోవద్దు, వచ్చే నెలది కూడా చూడండి.

## 4. గడియారాన్ని సరిచూడండి

ఎక్కువ తప్పులు దాగి ఉండే చోటు ఇదే. అందుకే దీన్ని తీరిగ్గా చెబుతాను.

భారత సమయం కన్నా దోహా రెండున్నర గంటలు వెనుక. డాలస్ అక్టోబరులో పదిన్నర గంటలు వెనుక, నవంబరు మొదట్లో అక్కడి గడియారాలు మార్చాక పదకొండున్నర గంటలు వెనుక. బిల్లులో సమయం స్థానికమా, మనదా అన్నది తెలియకుండా ఏ వరుసనూ నమ్మకూడదు. ఒకే బిల్లులో కాల్స్‌కు ఒక సమయం, ప్యాక్‌కు మరొక సమయం వాడిన సందర్భాలూ నేను చూశాను.

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గీతలు గీయండి: సంఘటన, అక్కడి సమయం, మన సమయం. పెదనాన్నగారి కాగితం ఇలా వచ్చింది.

- దోహాలో మొదటి డేటా: అక్టోబరు 5, అక్కడ ఉదయం 6:12, మనకు 8:42
- డాలస్‌లో మొదటి డేటా: అక్టోబరు 5, అక్కడ సాయంత్రం 4:30, మనకు అక్టోబరు 6 తెల్లవారుజామున 3:00
- చార్జీ పడిన మూడో డేటా: అక్టోబరు 14, అక్కడ రాత్రి 10:40, మనకు అక్టోబరు 15 ఉదయం 9:10

ఇప్పుడు ప్యాక్ షరతును దీని మీద పెట్టి చూడండి. మొదటి వాడకం నుంచి పది రోజులు అంటే 240 గంటలు. ఆ మొదటి వాడకం దోహాలోదే అనుకుంటే ప్యాక్ మన సమయం ప్రకారం అక్టోబరు 15 ఉదయం 8:42కు ముగుస్తుంది. అంటే డాలస్‌లో 14వ తేదీ రాత్రి 10:12. మూడో డేటా 10:40కు వాడారు. ఇరవై ఎనిమిది నిమిషాలు దాటింది కాబట్టి ఆ చార్జీ సరైనదే. కానీ అప్పుడు దోహాలో వాడిన 18 ఎంబీ ప్యాక్ మొదలయ్యాకే జరిగినట్టు. ఖతర్ జాబితాలో ఉంది. కాబట్టి రూ. 10,620 చార్జీకి ఆధారం లేదు.

పోనీ, ప్యాక్ డాలస్‌లోనే మొదలైందని కంపెనీ అంటే? అప్పుడు అది అక్కడి అక్టోబరు 15 సాయంత్రం 4:30 దాకా ఉంటుంది. 14వ తేదీ రాత్రి వాడిన డేటా ప్యాక్‌లోకి వస్తుంది. రూ. 3,540 వెనక్కి రావాలి.

కంపెనీ ఒక సమాధానం ఎంచుకోవచ్చు, రెండూ ఎంచుకోలేదు. దోహా డేటాకు ప్యాక్ ఇంకా మొదలు కాలేదని, డాలస్ డేటాకు ప్యాక్ అప్పటికే ముగిసిందని ఒకే బిల్లులో అనడానికి వీల్లేదు. ఈ ఒక్క విషయం కాగితం మీద తేలాకే నేను పెదనాన్నగారి చేత ఫిర్యాదు రాయించాను.

మీ కేసులో దేశాలు వేరు కావచ్చు. అయినా ఇదే తీరున చూడండి: ప్యాక్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ప్రతి చార్జీ ఆ రెంటి మధ్య ఉందా, బయట ఉందా. కొన్ని ప్యాకులు 24 గంటల లెక్కన కాక తేదీ లెక్కన నడుస్తాయి. మీరు వేసుకున్నది అర్ధరాత్రితో మారే ప్యాక్ అయితే, ఆ అర్ధరాత్రి మనదా, వాళ్లదా అన్నది షరతుల్లో చూడండి, లేదా రాతపూర్వకంగా అడగండి.

## 5. దేన్ని ఒప్పుకోవాలి, దేన్ని ప్రశ్నించాలి

న్యాయంగా మనవి అయిన చార్జీలను ఒప్పుకోవడం ఫిర్యాదుకు బలం ఇస్తుంది. మొదటి వాడకం దోహాలోనే జరిగింది కాబట్టి పెదనాన్నగారు మూడో చార్జీని ఒప్పుకున్నారు.

కాల్స్ సంగతి కొంచెం వేరు. ఆ ఐదు కాల్స్ ఆయన చేసినవి కావు. ఆయన ఎత్తని ఇన్‌కమింగ్ కాల్స్ వాయిస్ మెయిల్‌కు ఫార్వర్డ్ అయ్యాయి. ఫోను విదేశంలో మోగి, ఎత్తకపోతే అక్కడి నుంచి తిరిగి భారత్‌కు మళ్లుతుంది. ఆ మళ్లింపును అవుట్‌గోయింగ్ కాల్‌గా లెక్కిస్తారు. గుర్తుపట్టడం సులభం: అవతలి నంబరు మీరు ఎన్నడూ డయల్ చేయనిది, సమయం సరిగ్గా మీ ఫోనులో మిస్డ్ కాల్ పడిన సమయం. ఇది తప్పు బిల్లు కాకపోవచ్చు. ప్యాక్ షరతుల్లో ఫార్వర్డ్ కాల్స్ మినహాయించి ఉంటే మీరు గట్టిగా కోరలేరు, అభ్యర్థించగలరు.

మీ చార్జీ ఏ కోవలోదో ఇలా పోల్చుకోండి:

- ప్యాక్ దేశం, ప్యాక్ కాలం లోపల పడిన చార్జీ: హక్కుగా అడగండి
- జాబితాలో లేని దేశం మీదుగా ప్రయాణించినప్పుడు పడినది: షరతులు, వచ్చిన సందేశాలు చూసి అడగండి
- విమానంలో లేదా ఓడలో ఉన్న నెట్‌వర్కు పట్టుకున్నది: సాధారణంగా ఇవి ప్యాక్‌లో ఉండవు, బిల్లులో దేశం పేరుకు బదులు ఆ నెట్‌వర్కు పేరు కనిపిస్తుంది
- ప్యాక్ ముగిశాక పడినది: హెచ్చరిక సందేశం వచ్చిందో లేదో చూసి, రాకపోతే అది చెప్పి తగ్గింపు కోరండి

దుబాయ్‌లో ఉండే మన వాళ్లను చూడటానికి వెళ్లి కారులో ఒమాన్ సరిహద్దు దాటేవారు రెండో కోవలోకి వస్తారు. ఫోను మీకు చెప్పకుండానే ఒమాన్ నెట్‌వర్కుకు మారిపోతుంది. యూఏఈకి మాత్రమే పనిచేసే ప్యాక్ అక్కడ పనిచేయదు.

## 6. గడువు తేదీలోగా ఎంత కట్టాలి?

బిల్లు మొత్తం ఆపేస్తే ఆలస్య రుసుము పడుతుంది, అవుట్‌గోయింగ్ కాల్స్ నిలిపేస్తారు. మొత్తం కట్టేస్తే సొమ్ము వాళ్ల దగ్గర ఉంటుంది, తొందర మీ ఒక్కరిదే అవుతుంది. వివాదం లేని భాగం గడువులోపు కట్టి, వివాదం ఉన్న భాగాన్ని రాతపూర్వకంగా ఆపడం మంచిది.

పెదనాన్నగారు ప్లాను రూ. 590, ప్యాక్ రూ. 4,720, ఒప్పుకున్న మూడో చార్జీ రూ. 3,540 కలిపి రూ. 8,850 కట్టారు. ఆపినది రూ. 11,505. వివాదం తేలేదాకా దాని మీద ఆలస్య రుసుము వేయవద్దని, సేవ నిలిపివేయవద్దని ఫిర్యాదులోనే కోరాం. ఆ కోరికను కంపెనీ మన్నిస్తుందన్న హామీ లేదు. సేవ నిలిపితే పనులు ఆగిపోయేవారు, బ్యాంకు ఓటీపీలు అదే నంబరుకు వచ్చేవారు మొత్తం కట్టి "నిరసనతో కడుతున్నాను" అని రాసి వాపసు అడగడమే మేలు.

ఆటో పే ఉంటే ముందు దాని సంగతి చూడండి. సొమ్ము తీసుకునే 24 గంటల ముందు బ్యాంకు నుంచి సందేశం వస్తుంది. ఆ చెల్లింపును ఆపే వీలు అప్పుడు ఉంటుంది. ఆ వీలు దాటిపోతే సొమ్ము ఖాతాలోంచి పోయాకే మీకు తెలుస్తుంది.

ఇంకో మాట. కోపంతో నంబరును వేరే కంపెనీకి మార్చుకుందామని పోర్ట్ అడగకండి. గడువు దాటిన బకాయి ఉంటే ఆ అభ్యర్థన తిరస్కరణకు గురవుతుంది.

## 7. ఫిర్యాదు ఇలా రాయండి

ఇది పెదనాన్నగారు పంపిన ఉత్తరం సారం. మెయిల్ ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస పాటించండి. ఒక పేజీ దాటనివ్వకండి.

విషయం: పోస్ట్‌పెయిడ్ నంబరు (మీ నంబరు), బిల్లు నంబరు (…), రోమింగ్ చార్జీలు రూ. 11,505 మీద వివాదం, వివరాలు, సవరణ కోరుతూ

అయ్యా,

అక్టోబరు 4న మీ యాప్‌లో పది రోజుల రోమింగ్ ప్యాక్ కొన్నాను. మొదటి వాడకం నుంచి పది రోజులని మీ సందేశంలో ఉంది. దేశాల జాబితాలో ఖతర్, అమెరికా ఉన్నాయి.

అక్టోబరు 5న భారత సమయం 8:42కు దోహాలో వాడిన 18 ఎంబీకి రూ. 10,620 వేశారు. అక్టోబరు 15న భారత సమయం 9:10కి డాలస్‌లో వాడిన 6 ఎంబీకి, ప్యాక్ ముగిసినందున, రూ. 3,540 వేశారు. డాలస్ డేటా చార్జీ సరైనది కావాలంటే ప్యాక్ దోహాలోనే మొదలై ఉండాలి. అలాంటప్పుడు దోహా చార్జీ వర్తించదు.

డాలస్ డేటా చార్జీని నేను చెల్లించాను. ప్యాక్ డాలస్‌లోనే మొదలైందని మీరు భావిస్తే ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలి.

ఇవి కోరుతున్నాను: దోహా చార్జీ రూ. 10,620 రద్దు చేయడం. ఐదు ఫార్వర్డ్ కాల్స్ రూ. 885 పరిశీలించడం, ప్యాక్ మొదలు, ముగింపు సమయాలు, ప్రతి కాల్, డేటా సెషన్ వివరాలు, నాకు పంపిన హెచ్చరిక సందేశాల జాబితా.

వివాదం లేని రూ. 8,850 చెల్లించాను, రసీదు జత చేశాను. తేలేవరకు మిగిలిన మొత్తం మీద ఆలస్య రుసుము వేయవద్దని, సేవ నిలిపివేయవద్దని కోరుతున్నాను.

ఈ ఉత్తరంలో ఆవేశం లేదు, బెదిరింపు లేదు. చదివేవారు కాలిక్యులేటరు తీసి సరిచూసుకునేలా ఉంది.

## 8. ఫిర్యాదు నమోదు, డాకెట్ నంబరు

198 అనేది ఫిర్యాదుల కోసం ఉన్న ఉచిత నంబరు. అక్కడ మొదట నోటితో నమోదు చేయించి, వెంటనే ఉత్తరాన్ని కంపెనీ ఫిర్యాదుల మెయిలుకు పంపండి. నమోదు కాగానే మీ ఫిర్యాదును గుర్తించే డాకెట్ నంబరు సందేశంగా రావాలి. అది రాకపోతే ఫిర్యాదు లేనట్టే లెక్క. "రాసుకున్నాం, చూస్తాం" అన్న మాటతో ఫోను పెట్టేయకండి.

మాట్లాడేటప్పుడు ఇవి రాసుకోండి: తేదీ, సమయం, అవతలివారు చెప్పిన పేరు, డాకెట్ నంబరు, ఇచ్చిన గడువు. ప్రతినిధి సగం సొమ్ము వెంటనే తగ్గిస్తాననవచ్చు. ఒప్పుకునే ముందు ఒక మాట అడగండి: దీన్ని తీసుకుంటే ఫిర్యాదు మూసేస్తారా? మూసేస్తామంటే లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

బిల్లు ఫిర్యాదుకు నాలుగు వారాల్లో జవాబు రాకపోతే డాకెట్ నంబరుతో గుర్తు చేయండి. ఆరు వారాలు దాటితే కింద చెప్పిన అప్పీలుకు వెళ్లండి.

## 9. కంపెనీ ఇచ్చే జవాబులు, మీ మారుమాట

"సిస్టమ్ ప్రకారం వాడకం నిజమే." వాడకాన్ని నేను కాదనడం లేదు, ఏ ధరకు లెక్కించారన్నదే నా ప్రశ్న అని రాయండి. పెదనాన్నగారికి వచ్చిన మొదటి జవాబు ఇదే. గడియారం లెక్క గురించి అందులో ఒక్క ముక్క లేదు.

"మీరు డేటా రోమింగ్ ఆన్ చేశారు." ప్యాక్ కొన్నదే దాని కోసం. ఆన్ చేయడానికీ, ప్యాక్ బయట చార్జీ వేయడానికీ సంబంధం ఏమిటో చూపమనండి.

"విదేశీ నెట్‌వర్కు పంపిన లెక్క, మేం మార్చలేం." ఎన్ని ఎంబీ అన్నది వాళ్లు పంపుతారు. ఆ ఎంబీకి మీ నుంచి ఎంత వసూలు చేయాలి, ప్యాక్ వర్తింపజేయాలా వద్దా అన్నది మీ కంపెనీ నిర్ణయం. కాబట్టి ఈ జవాబు ఎంబీల వివాదానికి కొంత సరిపోతుంది కానీ ధర వివాదానికి సరిపోదు.

ఎంబీల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. మీ ఫోను చూపే సంఖ్య, బిల్లు సంఖ్య అచ్చంగా కలవవు. లెక్కించే యూనిట్లు, పై అంకెకు సవరించే పద్ధతి వేరు. కొద్దిపాటి తేడాతో వాదించకండి. ఫోను 5 ఎంబీ చూపి బిల్లు 50 చూపితే అప్పుడు వాదించండి.

## 10. అప్పీలు

జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, గడువులో రాకపోయినా, 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అథారిటీకి రాయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల కింద ప్రతి కంపెనీ ఈ వ్యవస్థను నడపాలి. ఫీజు లేదు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. చిరునామా, మెయిల్ కంపెనీ వెబ్‌సైటులో ఉంటాయి.

పాత ఉత్తరాన్నే మళ్లీ పంపకండి. అప్పీలులో ఉండాల్సినవి:

- డాకెట్ నంబరు, ఫిర్యాదు తేదీ, వచ్చిన జవాబు ప్రతి
- జవాబులో ఏ ప్రశ్నకు సమాధానం రాలేదో ఒక్క వాక్యంలో
- మీ సమయాల పట్టిక, దానికి ఆధారాలు
- కోరుతున్న కచ్చితమైన సొమ్ము, పన్నుతో సహా

పెదనాన్నగారి అప్పీలులో మేం ఒకే ఒక వాక్యాన్ని పెద్దది చేశాం: "ప్యాక్ ఏ క్షణాన మొదలైందో తెలపండి." దానికి జవాబు చెప్పడానికి వాళ్లు రికార్డు తీయాల్సి వచ్చింది. ప్యాక్ దోహాలో మొదలైందని తేలింది. రూ. 10,620 రద్దయింది. ఫార్వర్డ్ కాల్స్ షరతుల్లో మినహాయించి ఉన్నాయని చూపారు, ఆ రూ. 885 ఆయన కట్టేశారు. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు కానీ షరతు నిజంగానే అక్కడ రాసి ఉంది.

## 11. అప్పీలులోనూ తేలకపోతే

ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను స్వయంగా తేల్చదు. అక్కడికి రాసి నెలలు వేచి చూడకండి. రెండు దారులున్నాయి.

మొదటిది, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ `pgportal.gov.in`లో టెలికాం శాఖను ఎంచుకుని రాయడం. డాకెట్ నంబరు, అప్పీలు వివరాలు రెండూ చేతిలో ఉండాలి. అవి లేకుండా వెళితే ముందు కంపెనీ దగ్గరకే వెళ్లమంటారు.

రెండోది వినియోగదారుల జిల్లా కమిషన్. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు వినవచ్చా అన్న సందేహం చాలా ఏళ్లు ఉండేది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినవచ్చని స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రూ. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేసి చూడండి, చాలా కంపెనీలు ఆ దశలోనే స్పందిస్తాయి.

రూ. 885 కోసం కమిషన్‌కు వెళ్లడం అలసట తప్ప మరేమీ కాదని నా అభిప్రాయం. రూ. 10,620 కోసమైతే తప్పక వెళ్లాలి.

## 12. సొమ్ము నిజంగా వచ్చిందా చూడండి

రద్దు చేశామన్న సందేశం రాగానే ఫోల్డరు మూసేయకండి. నిర్ణయం వచ్చిన వారం లోపు ఆ మొత్తం మీ ఖాతాలో సర్దుబాటు కావాలి. తర్వాతి బిల్లులో ఇవి సరిచూడండి:

- తగ్గించిన మొత్తం పన్నుతో సహా ఉందా (రూ. 9,000 వేసి రూ. 1,620 వదిలేయడం జరుగుతుంది)
- వివాదం నడిచిన రోజులకు ఆలస్య రుసుము పడిందా, పడితే దాన్ని తీసేయమనండి
- అదే ప్రయాణానికి ఆలస్యంగా వచ్చిన కొత్త రోమింగ్ వరుసలు ఉన్నాయా
- "పాత బాకీ" అన్న గడి సున్నా అయిందా

పెదనాన్నగారి తర్వాతి బిల్లులో రూ. 9,000 మాత్రమే తగ్గింది, పన్ను రూ. 1,620 పాత బాకీగా కనిపించింది. అప్పీలు నిర్ణయం ప్రతిని జత చేసి అదే డాకెట్ నంబరుతో ఒక్క మెయిల్ పంపాం. ఆ పైనెల బిల్లులో ఆ గడి సున్నా అయింది.